అప్‌డేట్: గోళ్ల మీద గుంటలు, గీతలు, తెల్ల మచ్చలు

నా పాత ప్రశ్న: "గోళ్ల మీద గుండుసూదితో పొడిచినట్టు చిన్న చిన్న గుంటలు, నిలువు గీతలు, అక్కడక్కడా తెల్ల మచ్చలు. కాల్షియం తక్కువా, ఫంగసా?"

రెండూ కాదు. సోరియాసిస్ అనే చర్మవ్యాధి. సమాధానాలిచ్చిన అందరికీ థాంక్స్, ముఖ్యంగా "తల కూడా చూపించుకోండి" అన్నవారికి. చర్మ డాక్టర్ గోళ్లు చూడగానే చెవుల వెనక, మోచేతులు, తల వెతికారు. నేను ఏళ్లుగా చుండ్రు అనుకున్నది మెడ పైన, జుట్టు అంచున ఎర్రటి మందపాటి పొలుసు. గోరు ముక్క పరీక్షలో ఫంగస్ లేదని వచ్చింది.

గోరు తయారయ్యేది దాని మొదలు దగ్గర, చర్మం కింద. అక్కడ వాపు ఉంటే పైపొర సరిగా అతుక్కోక రాలిపోయి గుంట పడుతుందట. అందుకే మందు గుంటల మీద కాదు, గోరు మొదట్లో రాయమన్నారు: స్టెరాయిడ్, కాల్సిపోట్రియాల్ కలిసిన ఆయింట్‌మెంట్. పడిన గుంట పూడదు, గోరుతో పాటు ముందుకు జరిగి కత్తిరింపులో పోతుంది. ఐదు నెలలైంది, బొటనవేలి గోరు ముప్పావు వంతు నున్నగా వచ్చింది, చివర మాత్రం పాత గుంటలున్నాయి.

నిలువు గీతలు వయసుతో వచ్చేవే. తెల్ల మచ్చలు చిన్న దెబ్బల వల్ల. రెండు నెలలు మింగిన కాల్షియం మాత్రలకూ దీనికీ సంబంధమే లేదు.

పొద్దున వేళ్ల కీళ్లు బిగుసుకుంటున్నాయా అని డాక్టర్ రెండుసార్లు అడిగారు. గోళ్లకు సోరియాసిస్ ఉన్నవారికి కీళ్ల వాపు వచ్చే అవకాశం ఎక్కువట. నాకు లేదు. మీకుంటే తప్పకుండా చెప్పండి.