ఆమ్లోడిపిన్‌తో చిగుళ్ళు పెరిగాయి: మాత్ర మార్చాలా, క్లీనింగ్ చాలా?

సుధ, మారతహళ్ళి: నాన్నకి 64 ఏళ్ళు, నెల్లూరు నుంచి మా దగ్గరికి వచ్చారు. బీపీకి మెటోప్రోలాల్ పాతదే, ఆమ్లోడిపిన్ కలిపి ఐదు నెలలైంది. ముందు పళ్ళ సందుల్లో చిగురు బుడిపెల్లా లేచింది, బ్రష్ పెడితే రక్తం. పళ్ళ డాక్టరు బీపీ మాత్ర వల్లే అన్నారు. పక్కింటాయన వెరపమిల్ వాడతారు, ఆయనకి చిగుళ్ళు బాగున్నాయి. అది రాయించుకోవచ్చా?

రమణ: మార్చేయండి. నిఫెడిపిన్‌తో ఇది ఇంకా ఎక్కువ. వెరపమిల్ వేరే రకం, చిగుళ్ళ జోలికి రాదు.

విజయ, జయనగర్: నాకు వెరపమిల్ ఇచ్చింది గుండెదడకి. దడ ఆగింది కానీ రెండో వారానికే మలబద్ధకం పట్టుకుంది, మూడు రోజులకోసారి గానీ మోషన్ అయ్యేది కాదు. రాత్రిపూట ఇసబ్‌గోల్ మొదలుపెట్టాక కొంచెం నయం. మీ నాన్నగారికి కాళ్ళ వాపు కూడా ఉందా?

డాక్టర్ మాధవి, ఫిజీషియన్: రమణ గారూ, వెరపమిల్‌తోనూ చిగుళ్ళు పెరగొచ్చు. సుధ గారూ, ఆమ్లోడిపిన్, వెరపమిల్ రెండూ కండరాల్లోకి కాల్షియం వెళ్ళకుండా అడ్డుకునేవే, అలాగని ఒకదాని బదులు ఒకటి వేసుకునేవని అనుకోకండి. ఆమ్లోడిపిన్ ముఖ్యంగా రక్తనాళాలను వదులు చేసి బీపీ తగ్గిస్తుంది. విజయ గారు అడిగిన కాళ్ళ వాపూ అందుకే వస్తుంది. వెరపమిల్, డిల్టియాజెమ్ గుండె వేగాన్ని కూడా తగ్గిస్తాయి. పేగు కండరం కదలడానికీ కాల్షియం కావాలి, అక్కడ కూడా అడ్డుపడుతుంది కాబట్టే వెరపమిల్‌తో మలబద్ధకం ఎక్కువ. నా భయం అది కాదు. మెటోప్రోలాల్ కూడా గుండె వేగాన్ని తగ్గించేదే. రెండూ కలిస్తే నాడి మరీ నెమ్మదించి కళ్ళు తిరిగి పడిపోవచ్చు. వెరపమిల్ మాట వదిలేయండి. క్రియాటినిన్, పొటాషియం చూసి టెల్మిసార్టన్ లాంటిది ఇవ్వొచ్చేమో మీ డాక్టరుని అడగండి. ఈలోగా ఏ మాత్రా మీ అంతట మీరు ఆపొద్దు, మెటోప్రోలాల్ అయితే అసలే వద్దు.

కిరణ్, పళ్ళ డాక్టరు: మాధవి గారూ, ముందు మాత్ర మార్చడానికి నేను ఒప్పుకోను. అదే మాత్ర వేసుకునే చాలామందికి చిగుళ్ళు పెరగవు. పాచి, గార పేరుకున్న నోట్లోనే ఇది బాగా ముదురుతుంది. స్కేలింగ్ చేసి, పళ్ళ సందుల బ్రష్ వాడించి, రెండు మూడు నెలలు చూస్తే వాపు, రక్తం తగ్గుతాయి. బీపీ అదుపులో ఉన్న మనిషిని కదపడం ఎందుకు?

డాక్టర్ మాధవి: వాపు తగ్గుతుంది, ఒప్పుకుంటాను. గట్టిపడిన చిగురు సంగతేమిటి? కోసి తీసినా, అదే మాత్ర వాడుతుంటే మళ్ళీ పెరగొచ్చు. మాత్ర మారిస్తే కొన్ని వారాల నుంచి నెలల్లో చాలామందిలో అదే తగ్గుముఖం పడుతుంది, కోత తప్పొచ్చు.

కిరణ్: గట్టిపడిందా లేదా అన్నది స్కేలింగ్ తర్వాతే కదండీ తెలిసేది.

సుధ: కాళ్ళు చూశాను, సాయంత్రానికి సాక్సు గీత లోతుగా పడుతోంది. చిగుళ్ళు వేలితో నొక్కితే ఒకచోట మెత్తగా, ఇంకోచోట గట్టిగా ఉన్నాయి. శనివారం స్కేలింగ్, సోమవారం ఫిజీషియన్. మాత్ర మారిస్తే బీపీ ఎన్ని రోజులకోసారి చూడాలో చెప్పగలరా?