లో షుగర్ భయంతో తినేసి బరువు పెరుగుతుంటే ముందు ఏ మందు తగ్గిస్తున్నారు?

కందుకూరు దగ్గర 52 ఏళ్ల అక్కకి రాత్రి ఇన్సులిన్, ఉదయం గ్లిమిపిరైడ్. మూడు నెలల్లో 4 కిలోలు పెరిగింది. మూత్రంలో పోయే చక్కెర ఇప్పుడు ఒంట్లోనే నిలుస్తుంది కాబట్టి కొంత పెరగడం మామూలే. అసలు చిక్కు పదకొండింటికి: చెమటలు, వణుకు, మీటర్లో 62. భయంతో బిస్కెట్ ప్యాకెట్ మొత్తం, పైన రెండు అరటిపళ్లు. మూడు టీస్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలాగి మళ్లీ చూసుకోవాలి. 70 దాటకపోతేనే ఇంకోసారి. భోజనం ఆలస్యమైతే గుప్పెడు వేయించిన శనగలు చాలు. కానీ రోజూ పడిపోతుంటే మందు ఎక్కువైనట్టే, తిండితో సర్దకూడదు. సొంతంగా ఆపడమూ ప్రమాదమే. ఒంగోలు, నెల్లూరు వైపు ఇలాంటి వాళ్లకి డాక్టర్లు ముందు ఏది తగ్గించారు, గ్లిమిపిరైడా, ఇన్సులినా? ఏయే వేళల రీడింగులు రాసుకుని వెళ్తే వాళ్లకి తేల్చడం తేలికైంది? దయచేసి చెప్పండి.