అప్‌డేట్: సింకు కింద లీకు ఆగింది

నా ప్రశ్న: "సింకు కింద బాటిల్ ట్రాప్ నట్టు ఎంత బిగించినా నీళ్లు కారుతున్నాయి, ఏం చేయాలి?"

నట్టు ఊడదీస్తే దొంగ దొరికింది. వాషర్ తిరగబడి ఉంది! దాని ఏటవాలు అంచు ట్రాప్ లోపలికి ఉండాలి, మాది నట్టు వైపు ఉంది. పైగా మా కూకట్‌పల్లి బోరు నీళ్ల పుణ్యమా అని వాషర్ కూర్చునే చోట తెల్లటి ఉప్పు పేరుకుంది. దాన్ని వెనిగర్ గుడ్డతో తుడిచి, వాషర్ తిప్పి పెట్టి, నట్టు చేత్తోనే బిగించాను. ఆపైన రెంచితో పావు చుట్టు, అంతే. అంతకుముందు నేను చుట్టిన టెఫ్లాన్ టేపు దండగ; ఇక్కడ నీళ్లను ఆపేది మరలు కాదు, వాషరే. సింకు నిండా నీళ్లు పట్టి ఒక్కసారిగా వదిలి, నట్టు చుట్టూ పొడి టిష్యూతో అద్ది చూశాను. చుక్క తడి లేదు. కింద పెట్టిన గిన్నె తీయడానికి మాత్రం మా అత్తయ్య ఇంకా ఒప్పుకోవడం లేదు.