అప్‌డేట్: కాంటిలీవర్ బీమ్ లెక్కలో తప్పు దొరికింది

నా ప్రశ్న: "ఫొటోలోని కాంటిలీవర్ పొడవు 2 మీటర్లు, చివర 6 kN పాయింట్ లోడ్, EI = 4000 kN·m². డబుల్ ఇంటిగ్రేషన్‌లో చివర డిఫ్లెక్షన్ సున్నా ఎందుకు వస్తోంది?"

అప్‌డేట్: నిన్న శ్రీకాకుళం నుంచి విజయనగరం బస్సులో పక్కన మా సీనియర్ అన్న కూర్చున్నాడు. ఫోన్లో ఫొటో పెద్దది చేసి, "గోడ ఎటుందిరా?" అన్నాడు. కుడివైపు! నేనేమో x ఎడమ నుంచి, అంటే ఫ్రీ ఎండ్ నుంచి కొలిచి, అలవాటుగా x = 0 దగ్గర స్లోప్, డిఫ్లెక్షన్ రెండూ సున్నా అనేశాను. C1, C2 రెండూ ఎగిరిపోయాయి. నా లెక్క ప్రకారం గోడలో బిగించిన కొన 2 మి.మీ. కిందికి దిగింది, లోడ్ వేలాడే కొన కదల్లేదు. అది చూసైనా అనుమానం రావాల్సింది.

ఆ రెండు కండిషన్లు గోడవి, కాబట్టి x = 2 దగ్గర పెట్టాలి. టికెట్ వెనకాల మళ్లీ చేశాను:

```
EI y'' = -6x
EI y'  = -3x² + C1        y'(2) = 0 → C1 = 12
EI y   = -x³ + 12x + C2   y(2) = 0 → C2 = -16
```

x = 0 పెడితే y = -16/4000, అంటే 4 మి.మీ. కిందికి. WL³/3EI తోనూ అదే వచ్చింది. చివర స్లోప్ 12/4000 = 0.003 రేడియన్లు.

గోడ నుంచే x కొలిస్తే C1, C2 సున్నాలే అవుతాయి, కానీ అప్పుడు మూమెంట్ -6(2 - x) అని రాయాలి. నేను మూమెంట్ ఒక కొన నుంచి, కండిషన్లు ఇంకో కొన నుంచి తీసుకున్నాను.