రిజిస్ట్రేషన్ కవర్లకు ఏ వారం ఎంతమంది కావాలి: శనివారం కొలిచిన లెక్క

మాధవి (రిజిస్ట్రేషన్): అందరికీ నమస్తే. మన కార్యక్రమానికి నమోదు చేసుకున్న ప్రతి కుటుంబానికీ బ్యాడ్జీలు పెట్టి ఒక కవరు ముందే తయారుచేయాలి కదా, పోయినసారి "కవరుకు రెండు నిమిషాలు, ఎంతసేపవుతుందిలే" అనుకున్నాం. చివరి వారం అర్ధరాత్రి దాటేదాకా హాల్లో నేల మీద కూర్చుని బ్యాడ్జీలు సర్దింది ఎవరూ మర్చిపోయి ఉండరు. ఈసారి ఊహ మీద వాలంటీర్లను అడగదలచుకోలేదు. శనివారం మా ఇంట్లో ముగ్గురిని కూర్చోబెట్టి 24 కుటుంబాల కవర్లు చేయించి, ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి రాసుకున్నాను.

పనిని ముక్కలుగా విడగొట్టాను. ఫారం తెరిచి పేమెంటు సరిచూడటం 1.60 నిమిషాలు. బ్యాడ్జీ కత్తిరించి, కవచంలో తొడిగి, తాడు తగిలించడం ఒక్కోదానికి 0.40. కుటుంబానికి సగటున 3.2 బ్యాడ్జీలు కాబట్టి 1.28. అన్నీ కవర్లో పెట్టి లిస్టులో టిక్కు కొట్టడం 0.70. ఇంటిపేరు వరసలో పెట్టెలో పెట్టడం 0.22. ప్రింటు మాత్రం ఇరవై కుటుంబాలకు ఒకసారి తీస్తాం, దానికి 12 నిమిషాలు, అంటే కుటుంబానికి 0.60. అన్నీ కలిపితే 4.40.

ఒక సంగతి చెప్పాలి. మొదట్లో తాళ్ల డబ్బా కుర్చీ వెనకాల ఉంది. ప్రతి బ్యాడ్జీకీ వెనక్కి తిరగడం, చిక్కు విడదీయడం, మళ్ళీ ముందుకు తిరగడం. ముగ్గురిలో ఒక అమ్మాయికి బ్యాడ్జీకి 29 సెకన్లు పట్టింది. తాళ్లను ముందే విడదీసి టేబుల్ అంచుకు వేలాడదీశాక అదే అమ్మాయి 21 సెకన్లలో చేసింది. అందుకే పాత పద్ధతిలో కొలిచిన ఐదు కవర్లు పక్కన పడేశాను. పైన రాసిన 24 వాటి తర్వాత చేసినవే.

ఐదు వారాల్లో 640 కుటుంబాలు వస్తాయని అనుకుంటున్నాం. ఇప్పుడు ఏ వారానికి ఎంతమందిని అడగాలి?

కిరణ్: అక్కా, ఇది చాలా సింపుల్. నీ షీట్లో మూడు కవర్లకు మాత్రం విపరీతమైన టైమ్ పడింది, వాటిని ఎలాగూ తీసేశావు. 4.40ని 640తో గుణిస్తే 47 గంటలు. ఐదు వారాలకు పంచితే వారానికి తొమ్మిదిన్నర. మూడు గంటల షిఫ్టు అనుకుంటే వారానికి ముగ్గురు, మహా అయితే నలుగురు. సైన్-అప్ ఫారం ఇవాళే పెట్టేయనా?

సుబ్బారావు: అమ్మా మాధవీ, సేవ చేయడానికి వచ్చినవాళ్లను గడియారం పెట్టి కొలుస్తారా? నేను నిదానంగా చేశానని అందరికీ చెప్పడానికా ఇది? పోయినేడు పెట్టెల వరస ఒక్కటీ తప్పలేదు, అది నేను సర్దినదే.

మాధవి: అయ్యో బాబాయ్ గారూ, షీట్లో ఎవరి పేరూ లేదు. ఎవరు ఎంత చేశారని కాదు, రేపు ఎంతమందిని పిలవాలో తెలియడానికి. మీరు ఆ రోజు చేసిన కవర్లు లేకపోతే ఈ లెక్కే లేదు.

శ్రీనివాస్: ఫ్యాక్టరీలో పదేళ్లు ఇదే పని చేశాను కాబట్టి కొంచెం చెప్తాను. ముందు సుబ్బారావు గారి మాట. ఆయన బ్యాడ్జీకి 28 సెకన్లు తీసుకున్నారు, ఆ అమ్మాయి 21. ఈ రెంటిలో ఏదీ నేరుగా ప్రమాణం కాదు. మామూలుగా చేసేవాళ్ల వేగం నూరు అనుకుంటే, ఆ అమ్మాయిది 115 అని మాధవి రాసింది, ఆయనది 85. 21ని 1.15తో గుణించినా, 28ని 0.85తో గుణించినా 24 సెకన్ల దగ్గరికే వస్తాం. ఆ 0.40 నిమిషం అక్కడ్నుంచి వచ్చిందే. చురుకైన అమ్మాయి టైమ్ పట్టుకుని ప్లాన్ చేస్తే మిగతావాళ్లం అందరం వెనకబడతాం.

ఇక కిరణ్, ఆ మూడు కవర్లు ఒకసారి చూడు. ఒకదాని మధ్యలో మాధవికి ఫోన్ వచ్చి ఆరు నిమిషాలు పోయాయి. అది ఈ పనిలో భాగం కాదు, తీసేయడం సరే. మిగతా రెండింట్లో పేమెంటు దొరకలేదు. ఒకరు భార్య పేరుతో ఫారం నింపి భర్త అకౌంటు నుంచి పంపారు, ఇంకొకరు ఇద్దరికి కట్టి నలుగురి పేర్లు రాశారు. వెతకడం, మెయిల్ రాయడం, జవాబు చూసి దిద్దడం కలిపి ఒక్కోదానికి తొమ్మిది నిమిషాలు అదనం. అది పనే. రోజూ రాదు, అంతే. తీసేయకుండా ఎంత తరచుగా వస్తుందో దాని ప్రకారం కలపాలి. పదింటికి ఒకటి అనుకుంటే కుటుంబానికి 0.90. 4.40కి కలిపితే 5.30.

దీని మీద అలవెన్సు. లేచి నీళ్లు తాగడానికి, నడుము సాగదీయడానికి 9 శాతం ఫ్యాక్టరీల్లో మామూలుగా వేసేదే. ఇల్లంతా పిల్లలు తిరిగే చోట చిన్నాచితకా అంతరాయాలకు ఇంకో 6. మొత్తం 15 శాతం వేస్తే కుటుంబానికి 6.1 నిమిషాలు. 47 కాదు, 65 గంటలు.

కిరణ్: సరే, తప్పు నాదే. కానీ రేటింగ్ సంగతి నాకు నచ్చలేదు. రెండూ 24కి వచ్చేలా 115, 85 ఎంచుకున్నట్టుంది.

శ్రీనివాస్: నిజం చెప్పాలంటే ఈ మొత్తంలో బలహీనమైన ముక్క అదే. అలవాటున్నవాళ్లు కూడా ఐదు పాయింట్లు అటూ ఇటూ వేస్తారు. సెకన్లు చూడకముందే, చేతుల కదలిక చూస్తూ రేటింగ్ రాసేయాలి. మాధవీ, నువ్వు ఎప్పుడు రాశావు?

మాధవి: అబద్ధం ఎందుకు, 115 అప్పుడే రాశాను. 85 మాత్రం రాత్రి కూర్చుని వేశాను.

శ్రీనివాస్: అయితే వచ్చే శనివారం ఇంకెవరైనా పక్కన కూర్చుని విడిగా వేయాలి. అప్పటిదాకా 0.40తోనే నడుద్దాం.

లలిత: నేను ఫోన్ సపోర్టులో పని చేస్తాను. మా దగ్గర ఒక్కో కాల్‌కు సగటు టైమ్ బాగానే ఉంటుంది గానీ, సోమవారం పొద్దున మాత్రం లైన్లో అందరూ తిట్టుకుంటూ ఉంటారు. కౌంటరు సంగతి ఆలోచించారా? కవరు ఇవ్వడానికి కుటుంబానికి నిమిషంన్నర అనుకుంటే 640 మందికి 16 గంటలే. కానీ సగానికి పైగా జనం మొదటి ముప్పావు గంటలోనే వచ్చేస్తారు. 60 శాతం వస్తే 384 కుటుంబాలు, 576 నిమిషాల పని, 45 నిమిషాల్లో. పదమూడు కౌంటర్లుంటే గానీ క్యూ ఆగదు. 16 గంటలు చూసి నలుగురిని పెట్టారో, అయిపోయాం.

మాధవి: లలితా, నేను అడిగింది కవర్ల సంగతి. కానీ ఇది కూడా నిజమే, కౌంటర్ల వాళ్లకు విడిగా చెప్పాలి. అన్ని టేబుళ్లు మన దగ్గర లేవు. కవర్లు ముందు రోజు సాయంత్రమే పంచాలా అన్నది కమిటీ తేల్చాలి. కవర్ల తయారీకైతే వారంలో ఎప్పుడు చేసినా పరవాలేదు, కాబట్టి వారం లెక్క సరిపోతుంది కదా?

శ్రీనివాస్: సరిపోతుంది, వారాలను సమానంగా పంచనంత వరకు. పోయినేడు ఫారాలు ఎలా వచ్చాయో చూడండి.

మాధవి: చూశాను. ఆ తీరులోనే ఈసారి 60, 80, 120, 220, 160 అనుకుంటున్నా. గడువు వారం 220. ఇవి కాక ప్రతివారం లిస్టు సరిచూడటం, కొత్తవాళ్లకు చూపించడం, పెట్టెలు మోయడం కలిపి మూడు గంటలు, ఎన్ని ఫారాలొచ్చినా మారదు.

కిరణ్: అయితే నాలుగో వారం 22.4కి 3 కలిపితే 25.4 గంటలు. మూడు గంటల షిఫ్టులో 15 శాతం విశ్రాంతికి పోతుంది, రెండున్నర మిగులుతుంది. పదకొండు మంది.

శ్రీనివాస్: విశ్రాంతిని రెండుసార్లు తీశావు. ఆ 15 శాతం 6.1లో ఇప్పటికే ఉంది. షిఫ్టు నుంచి తీయాల్సింది వేరే: ఆలస్యంగా రావడం, సామాను పరచడం, చివర్లో సర్దడం.

మాధవి: అది అర గంట పోతుంది, ప్రతిసారీ. ఇంకొకటి, పాత సైన్-ఇన్ కాగితాలు చూస్తే పేరిచ్చిన ఐదుగురిలో నలుగురే వచ్చారు.

శ్రీనివాస్: అయితే రెండున్నరను 0.8తో గుణించు. ఒక పేరు నమోదైతే మనకు దక్కేది రెండు గంటలు. నాలుగో వారానికి పదమూడు పేర్లు కావాలి.

కిరణ్: ఒప్పుకున్నా. రెండున్నర అంకె కలిసింది గానీ కారణం తప్పు. షీట్లో ఇలా పెట్టాను. B లో వారం ఫారాలు, C లో గంటలు, D లో పేర్లు.

```
C2: =B2*6.1/60+3
D2: =ROUNDUP(C2/2,0)
```

ఐదు వారాలకు వరుసగా 5, 6, 8, 13, 10 పేర్లు వచ్చాయి.

లలిత: 24 కవర్లతో ఇంత నమ్మకమా? మా ఆఫీసులో వేల కాల్స్ చూస్తేగానీ ఏదీ తేల్చరు.

శ్రీనివాస్: మంచి ప్రశ్న. సర్దే పనిలో కవరుకూ కవరుకూ పెద్ద తేడా లేదు, 24 చాలు, సగటు 8 శాతం అటూ ఇటూ. పేమెంటు చూడటం అలా కాదు, కొన్ని అర నిమిషంలో, కొన్ని మూడు నిమిషాల్లో అయ్యాయి. అక్కడ 24తో 20 శాతం అటూ ఇటూ ఉండొచ్చు. అది తగ్గించాలంటే వందదాకా కొలవాలి. కానీ అది పూర్తిగా తప్పినా మొత్తం మీద నాలుగు గంటల తేడా. దానికోసం ఇంకో శనివారం పోగొట్టుకోవద్దు.

నన్ను భయపెట్టేది పదింటికి ఒకటి అన్న అంకె. 24లో రెండు చూసి ఏమీ చెప్పలేం. అది పదింటికి రెండైతే పదకొండు గంటలు పెరుగుతాయి, అదీ ఎక్కువగా గడువు వారంలోనే. దీనికి స్టాప్‌వాచ్ అక్కర్లేదు. పోయినేడు మెయిల్‌బాక్సులో పేమెంటు గురించి ఎన్ని కుటుంబాలకు రాశామో ఎవరైనా లెక్కపెడితే చాలు.

మాధవి: పాస్‌వర్డు పోయినేటి ట్రెజరర్ దగ్గరుంది, రెండుసార్లు అడిగాను. ఇంకోసారి అడుగుతాను. కిరణ్, సైన్-అప్ పెట్టేయ్, కానీ నాలుగో వారానికి పదమూడు కాకుండా పదహారు ఖాళీలు తెరువు. లెక్క తేలాక తగ్గిద్దాం.

సుబ్బారావు: నాలుగో వారం నా పేరు రాయండి. పెట్టెల్లో వరస పెట్టే పని నాది. స్టాప్‌వాచ్ కూడా తెచ్చుకోమ్మా, కాకపోతే రేటింగ్ రాత్రి కాకుండా నా ఎదురుగానే వేయి.