తక్కువొచ్చిన బియ్యానికి హాజరు పెంచి రాయడం తప్పేనా?

కాశీనగర్ కొత్త హెచ్చెమ్: మధ్యాహ్న భోజనం బియ్యం బస్తా 50 కిలోలని చలానాలో ఉంటోంది, తూస్తే 47 వస్తోంది. రోజుకి నలుగురు పిల్లల్ని ఎక్కువ రాసి సర్దుకోమని పైవాళ్లే అంటున్నారు. పిల్లల కోసమే కదా, ఇది తప్పేనా?

పర్లాకిమిడి మాస్టారు: తప్పే. లెక్క వేస్తే తెలుస్తుంది. ప్రైమరీలో తలకి 100 గ్రాములు. 62 మంది తింటే రోజుకి 6.2 కిలోలు, 24 రోజులకి 148.8. మూడు బస్తాలు సరిపోవాలి. మీ చేతికొచ్చింది 141, అంటే 23వ రోజు మధ్యలో డబ్బా ఖాళీ. రాని 9 కిలోలు తిన్నట్టు చూపాలంటే లేని భోజనాలు 90 రాయాలి. దానివల్ల గిన్నెలో ఒక్క గింజైనా పెరగదండీ, పుస్తకం మాత్రమే సరిపోతుంది.

ఇంకో సంగతి. వంట ఖర్చు కూడా ఆ హాజరు మీదే వస్తుంది. బియ్యం కోసం వేసిన 90కి పప్పు, కూర, నూనె డబ్బులు కూడా పడతాయి. ఎవరూ తినని భోజనానికి డబ్బు! మీరు రూపాయి ముట్టకపోయినా సంతకం మీదే. గుడ్డు పెట్టిన రోజు అది బయటపడుతుంది. అన్నమైతే పలచగా వడ్డించి సర్దొచ్చు, గుడ్డుని సాగదీయలేం. హాజరు 66, కొట్టు చీటీలో గుడ్లు 62 ఉంటే తనిఖీకొచ్చినవాళ్లకి అది చాలు.

గుణుపురం కుర్రాడు: మాస్టారూ, గోనె బరువు, బియ్యం ఆరిపోవడం కూడా ఉంటాయి కదా. దొంగతనం అనేయడం తొందరేమో.

పర్లాకిమిడి మాస్టారు: సగం నిజమే బాబూ. ఖాళీ గోనె అరకిలో పైచిలుకు తూగుతుంది. అందుకే ముందు ఖాళీ గోనె ఒకటి తూచి, అది తీసేసి రాయాలి. నిల్వలో కొంత ఆరడమూ ఉంది. కానీ ప్రతి బస్తాకీ సరిగ్గా మూడు కిలోలు ఆరిపోదు. బస్తా నోరు చూడండి. మిషన్ కుట్టు తెగి, పురికొసతో చేత్తో మళ్లీ కుట్టి ఉంటే దారిలో విప్పారని అనుమానించాలి. ఎవరన్నది మాత్రం దాన్ని బట్టి చెప్పలేం.

సిరోంచ అక్క: మా వైపు బియ్యం బాగానే వస్తోంది. వంటచేసేవాళ్లకి డబ్బులు నెలల తరబడి రావు, దాని గురించి ఎవరూ మాట్లాడరేం?

పర్లాకిమిడి మాస్టారు: అదీ పెద్ద బాధేనమ్మా, కానీ వేరే చర్చ. దీన్లో కలిపితే రెండూ తేలవు.

మహిళా సంఘం సభ్యురాలు, కాశీనగర్: చెప్పడం సులువండీ. బండివాడు పది బడులకి దించాలి, ఆగడు. తూస్తానంటే బస్తాలు వెనక్కి పట్టుకుపోతానంటాడు. అప్పుడు పిల్లలకేం వండమంటారు?

పర్లాకిమిడి మాస్టారు: బస్తాలు దింపించుకోండి, సంతకం మాత్రం తూచాకే పెట్టండి. మూడు బస్తాలకి పది నిమిషాలు పట్టదు. చలానా అన్ని ప్రతుల మీదా "తూకం ప్రకారం 141 కిలోలు" అని రాసి బండివాడి చేత సంతకం చేయించండి. ఒప్పుకోకపోతే మీ సంఘం నుంచి ఒకరు, పిల్లల తండ్రి ఒకరు సాక్షులుగా చాలు. స్టాకు పుస్తకంలో 141 ఎక్కించి, ఆ రోజే బ్లాకు విద్యాధికారి బి.ఇ.ఓ.కి ఉత్తరమిచ్చి నకలు మీద ముద్ర వేయించుకోండి. బియ్యం తాత్కాలికంగా అందకపోతే బడిలో ఉన్న నిధిలోంచి ఖర్చుపెట్టి భోజనం నడిపే అధికారం మధ్యాహ్న భోజన పథకం 2015 నియమాల్లో హెచ్చెమ్‌కి ఉంది, తర్వాత తిరిగి ఇస్తారు. కాబట్టి పిల్లలు పస్తుంటారనే భయంతో దొంగలెక్క రాయక్కర్లేదు.

ఇక బడిలో: మొదటి పీరియడ్ హాజరు అయ్యాక, బియ్యం కొలవకముందే, సంఖ్యని వంటగది గోడ మీద హెచ్చెమ్ స్వయంగా సుద్దతో రాయాలి. వంటమ్మలు ఆ అంకె చూసి కొలుస్తారు. ఆ 62 సాయంత్రం రిజిస్టర్లో 66 అయితే ముందు తెలిసేది వాళ్లకే. మర్నాడు నూనె ఓ గ్లాసుడు తగ్గిందని అడగడానికి మీకు నోరు రాదు.

గుణుపురం కుర్రాడు: నిధిలో డబ్బుంటే కదా మాస్టారూ. చిన్న బడికి ఏముంటుంది?

పర్లాకిమిడి మాస్టారు: అది నిజం. దానికి నా దగ్గర గట్టి జవాబు లేదు. తక్కువ తూకం బస్తాలొచ్చిన బడులన్నీ ఒకే రోజు ఉత్తరాలిస్తే కదులుతుందని నా నమ్మకం.

కాశీనగర్ కొత్త హెచ్చెమ్: ఈ నెల నుంచి తూస్తాను. కానీ నాకు ముందున్నవారు రాసిన మూడు నెలల లెక్క అలాగే ఉంది. దాన్ని ముట్టుకోనా?

మహిళా సంఘం సభ్యురాలు, కాశీనగర్: పాతది కదిలిస్తే మా సంఘం సంతకాలూ ఇరుక్కుంటాయి బాబూ. వదిలేయండి.

పర్లాకిమిడి మాస్టారు: పాత పేజీలు దిద్దకండి, అది ఇంకో తప్పవుతుంది. ఈ రోజు డబ్బాలో ఉన్న బియ్యం అందరి ముందూ తూచి, పుస్తకానికీ దానికీ ఉన్న తేడా కొత్త పేజీలో రాసి బి.ఇ.ఓ.కి పంపండి. అమ్మా, మీ భయం నాకు తెలుసు. అయినా వదిలేయమని మాత్రం నేను చెప్పలేను.