సదరం సర్టిఫికెట్ గడువు అయిపోతోంది, మళ్లీ పరీక్షకు వెళ్తే 45 శాతం తగ్గుతుందా?

ఓరుగల్లు_26
అందరికీ నమస్కారం. బైక్ యాక్సిడెంట్‌లో నా ఎడమ తొడ ఎముక, మోకాలు దెబ్బతిన్నాయి. 2021లో వైకల్యం ఎంతో తేల్చే సదరం క్యాంపులో 45 శాతం ఇచ్చారు. అయితే అది టెంపరరీ, ఐదేళ్లకే. ఈ మధ్య ఒక కేంద్ర ప్రభుత్వ ఉద్యోగానికి వికలాంగుల కోటాలో అప్లై చేశాను. అప్లికేషన్ చివరి తేదీ నాటికి సర్టిఫికెట్ గడువు ఇంకా ఉంది, కానీ డాక్యుమెంట్ వెరిఫికేషన్ వచ్చేసరికి అయిపోతుంది. ఫిజియోథెరపీ వల్ల మోకాలు అప్పటికంటే కొంచెం బాగానే వంగుతోంది. ఇప్పుడు రెన్యువల్‌కు వెళ్తే కోటాకు కావలసిన 40 లోపు వేస్తారేమోనని టెన్షన్. వెళ్లకపోతే వెరిఫికేషన్‌లో తీసేస్తారేమోనని ఇంకో టెన్షన్. ఏం చేయమంటారు?

గోదారి_గట్టు
బ్రదర్, ఏం టెన్షన్ పడకు. వికలాంగులకు ఇచ్చే యూడీఐడీ గుర్తింపు కార్డు తీసుకో చాలు. దేశమంతా చెల్లుతుందని చట్టంలోనే ఉంది. ఒక్కసారి 40 దాటిందంటే మళ్లీ ఎవరూ అడగడానికి లేదు. మా ఫ్రెండ్‌ది పర్మినెంట్, వాడిని ఎవరూ ఏమీ అడగలేదు.

పద్మ_అత్తయ్య
మా ఆయనకు కూడా ఇలాగే మళ్లీ పరీక్ష చేయించుకోమని సచివాలయం నుంచి నోటీసు వచ్చింది బాబూ. వెళ్లకపోతే పింఛన్ ఆపేస్తారన్నారు. నువ్వు కూడా తప్పకుండా వెళ్లు, లేకపోతే పింఛన్ పోతుంది.

ఓరుగల్లు_26
అత్తయ్యా, నాకు పింఛన్ లేదు, నేను అడిగేది ఉద్యోగం గురించి. కానీ నోటీసు వస్తే వెళ్లడమే మంచిదన్న మాట గుర్తు పెట్టుకుంటాను.

రైల్వే_క్లర్క్_కాజీపేట
గోదారి_గట్టు గారూ, మీరన్నది సగం నిజం. సర్టిఫికెట్ దేశమంతా చెల్లుతుందని 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉంది, అది ఒప్పుకుంటాను. కానీ గడువున్న సర్టిఫికెట్ ఆ గడువు వరకే చెల్లుతుంది. యూడీఐడీ కార్డు మీద కూడా గడువు తేదీ ఉంటుంది, టెంపరరీ వాళ్లకు కార్డూ టెంపరరీయే. పైగా ఉద్యోగం ఇచ్చేవాళ్లు తమ మెడికల్ బోర్డుతో మళ్లీ చూపించుకుంటారు. నాకు చేరే ముందు మెడికల్ జరిగింది, అక్కడ కాలు కొలిచి చూశారు.

ఓరుగల్లు తమ్ముడూ, ముందు నీ సర్టిఫికెట్ కింది భాగంలో ఒక వాక్యం చూడు. మళ్లీ పరీక్ష అవసరం లేదు అని గానీ, ఇన్నేళ్ల తర్వాత అవసరం, కాబట్టి ఫలానా తేదీ వరకు చెల్లుతుంది అని గానీ ఉంటుంది. దాని పైనే మీ పరిస్థితి మెరుగయ్యే అవకాశం ఉందా లేదా అన్నది టిక్ చేసి ఉంటుంది. నీకు మెరుగయ్యే అవకాశం ఉందని టిక్ పెట్టి ఉంటే మళ్లీ చూడడం మామూలే. మార్పు రాదని డాక్టర్లకు అనిపిస్తే పర్మినెంట్ ఇవ్వాలని రూల్స్‌లోనే ఉంది. కాబట్టి ఈసారి వెళ్లినప్పుడు పర్మినెంట్ ఇవ్వమని నోటితోనే కాదు, కాగితం మీద రాసి అడుగు.

ఫిజియో_రమ
నేను ప్రభుత్వ ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుని, కొన్నేళ్లు సదరం క్యాంపుల్లో కొలతలు తీశాను. శాతం ఎలా వస్తుందో తెలిస్తే సగం భయం పోతుంది. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను. నేను పనిచేసినప్పుడు 2018 జనవరి గైడ్‌లైన్స్ నడిచేవి. 2024 మార్చిలో సవరించినవి వచ్చాయి, మీకు అవే వర్తిస్తాయి. లెక్క పద్ధతి అర్థం కావడానికి పాతదే చెబుతాను.

కాలికి రెండు రకాలుగా చూస్తారు. ఒకటి, కీళ్లు ఎంత కదులుతున్నాయి, కండరాల్లో బలం ఎంత ఉంది. రెండోది, కాలు శరీరాన్ని ఎంతవరకు నిలబెడుతోంది. రెండోదానికి నిజంగా పనులు చేయించి చూస్తారు: చదునైన నేల మీద నడవడం, ఏటవాలుగా ఉన్నచోట నడవడం, మెట్లెక్కడం, రెండు కాళ్ల మీద నిలబడడం, దెబ్బతిన్న కాలి మీద నిలబడడం, గొంతుక్కూర్చోవడం, బాసింపట్టు వేసుకుని కూర్చోవడం, మోకాళ్ల మీద కూర్చోవడం, పక్కకు తిరగడం. మొత్తం తొమ్మిది, ఒక్కోదానికి 10 చొప్పున 90.

ఒక అబ్బాయి కేసు చెబుతాను. మోకాలు, కండరాల లెక్క 24 వచ్చింది. గొంతుక్కూర్చోవడం, బాసింపట్టు అసలు చేయలేకపోయాడు, అంటే 20. వాళ్ల నాన్న అక్కడే కూడి 44 అన్నారు. కానీ అలా కూడరు. పెద్ద అంకెను అలాగే ఉంచి, చిన్నదాన్ని 90లో మిగిలిన దాని మేరకు తగ్గించి కలుపుతారు:

24 + 20 × (90 − 24) ÷ 90 = 38.67

అంటే 40 దాటలేదు. ఆ అబ్బాయి దాదాపు ఏడుపు ముఖంతో బయటికి వచ్చాడు. అప్పుడు ఆర్థో డాక్టరు, ఎముక అతుక్కున్నప్పుడు కాలు పొట్టి అయిందేమో చూద్దామని స్కానోగ్రామ్ ఎక్స్‌రే రాశారు. ఒక అంగుళం పొట్టి తేలింది. పొట్టితనంలో మొదటి అర అంగుళానికి ఏమీ ఇవ్వరు, ఆపైన ప్రతి అర అంగుళానికి 4 ఇస్తారు. ఇది పైన చెప్పిన ఫార్ములాలోకి వెళ్లదు, చివర్లో నేరుగా కలుస్తుంది. 38.67కి 4 కలిపితే 42.67. టేపుతో పైపైన కొలిచి వదిలేసుంటే అతనికి కోటా ఉండేది కాదు.

ఓరుగల్లు తమ్ముడికి తొడ ఎముక విరిగింది కాబట్టి ఇది ముఖ్యం. నీ 2021 రిపోర్టులో పొట్టితనం రాశారా? అప్పుడు ఏ అంకెలు వేసి 45 తెచ్చారో ఆ వివరాల కాగితం ఉంటే చూడు. మోకాలు వంగడం పెరిగితే మొదటి భాగం తగ్గుతుంది, నిజమే. కానీ పొట్టితనం ఫిజియోతో తగ్గదు.

ఓరుగల్లు_26
రమ మేడమ్, చాలా థాంక్స్. కాలు పొట్టి అయిందని చెప్పులు కుట్టే ఆయన మొదట గమనించాడు, ఎడమ చెప్పుకు అట్ట వేసి ఇచ్చాడు. ఆసుపత్రిలో ఎవరూ కొలవలేదు. నా దగ్గర ఒక్క పేజీ సర్టిఫికెట్ మాత్రమే ఉంది, వివరాలు లేవు.

ఫిజియో_రమ
అయితే వెళ్లేముందే స్కానోగ్రామ్ తీయించుకో. పాత ఆపరేషన్ కాగితాలు, డిశ్చార్జి సమ్మరీ పట్టుకెళ్లు. పరీక్షలో ఉన్నది ఉన్నట్టు చెయ్యి. చేయగలిగినది చేయలేనట్టు నటిస్తే డాక్టర్లకు వెంటనే తెలుస్తుంది, కండరం చెబుతుంది. అదే సమయంలో, నొప్పి భరించి బలవంతంగా కూర్చుని చూపించనక్కర్లేదు. ఎక్కడ నొప్పి మొదలవుతుందో అక్కడే చెప్పెయ్యి.

విజయవాడ_ఒంటిచెవి
మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. నాకు కుడి చెవి పుట్టుకతోనే పూర్తిగా వినపడదు, ఎడమ చెవి బాగుంది. ఒక చెవి అంటే 50 శాతం కదా? సదరంలో 17 శాతం రాశారు. ఇది తప్పు కదా?

ఫిజియో_రమ
తప్పు కాదండి. చెవి లెక్కలో బాగా వినపడే చెవికి ఐదు రెట్లు బరువు ఇస్తారు. మంచి చెవి నష్టం 0 × 5, దానికి చెడిన చెవి 100 కలిపి 6తో భాగిస్తే 16.67. దాన్నే 17 అని రాశారు. ఒంటి కన్ను వాళ్లదీ ఇదే బాధ, రెండో కన్ను బాగుంటే 30 దగ్గరే ఆగిపోతుంది. మీ కష్టం చిన్నదని కాదు, కానీ ఈ పద్ధతిలో ఒక్క చెవితో 40 రాదు.

విజయవాడ_ఒంటిచెవి
అంటే రోడ్డు మీద హారన్ ఎటువైపు నుంచి వస్తోందో తెలియని మనిషికి ఏమీ లేనట్టేనా. న్యాయంగా అనిపించడం లేదు.

రైల్వే_క్లర్క్_కాజీపేట
నాకూ న్యాయంగా అనిపించదు. ఉద్యోగ రిజర్వేషన్ మాత్రం 40, ఆపైన ఉన్నవాళ్లకే అని చట్టంలో ఉంది.

తమ్ముడూ, శాతం గురించే ఆలోచిస్తూ ఇంకోటి మర్చిపోవద్దు. నోటిఫికేషన్‌లో ప్రతి పోస్టుకూ ఏ రకం వైకల్యం సరిపోతుందో కోడ్‌తో ఉంటుంది. OL అంటే ఒక కాలు, OA అంటే ఒక చేయి, BL అంటే రెండు కాళ్లు. నడవాలా, నిలబడాలా, బరువులెత్తాలా అన్నదీ పక్కనే రాస్తారు. నాతోపాటు పరీక్ష రాసిన ఒకతను 60 శాతంతో మంచి మార్కులు తెచ్చుకున్నాడు. కానీ అతను ఆప్షన్ పెట్టిన పోస్టుకు OA మాత్రమే ఉంది, అతనిది OL. అక్కడితో ఆగిపోయింది. నీ కొత్త సర్టిఫికెట్‌లో ఎడమ కాలు అని స్పష్టంగా రాయించుకో. కొన్నిసార్లు ఉత్తగా శారీరక వైకల్యం అని రాసి వదిలేస్తారు, తర్వాత బాధపడేది మనమే.

సుధ_గుంటూరు
కాలికి వైకల్యం ఉన్నవాళ్లకు పరీక్షలో అదనపు సమయం ఇస్తారా? గంటకు 20 నిమిషాలు అని విన్నాను.

ఫిజియో_రమ
గంటకు 20 నిమిషాలు అన్నది నిజమే. కానీ అది రాయడంలో ఇబ్బంది ఉన్నవాళ్ల కోసం. చూపు లేనివాళ్లు, రెండు చేతులూ దెబ్బతిన్నవాళ్లు, సెరిబ్రల్ పాల్సీ ఉన్నవాళ్లు కోరితే వాళ్ల బదులు రాసిపెట్టే స్క్రైబ్‌ని ఇస్తారు. మిగతావాళ్లు, రాయడానికి శారీరకంగా ఇబ్బంది ఉందని ప్రభుత్వ ఆసుపత్రి సూపరింటెండెంట్ స్థాయి అధికారి సంతకంతో వేరే కాగితం తేవాలి. కాలు ఒక్కటే అయితే సాధారణంగా రాదు. 40 లోపు ఉన్నా రాయలేనివాళ్లకు 2021లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత 2022 ఆగస్టులో వేరే మార్గదర్శకాలు వచ్చాయి. వాళ్లకు స్క్రైబ్ దొరుకుతుంది, ఉద్యోగ కోటా మాత్రం దొరకదు. రెండూ వేరు.

గోదారి_గట్టు
నాకు ఇంకా ఒక డౌట్. అప్లికేషన్ చివరి తేదీ నాటికి సర్టిఫికెట్ చెల్లితే చాలు కదా? తర్వాత గడువు అయిపోతే ఏంటి?

రైల్వే_క్లర్క్_కాజీపేట
ఇక్కడ నేను గట్టిగా చెప్పలేను. మా బ్యాచ్‌లో ఒకామెకు పాత సర్టిఫికెట్‌తోనే వెరిఫికేషన్ అయింది, మెడికల్‌లో మాత్రం కొత్తది అడిగారు. ఇంకొకరిని వెరిఫికేషన్‌లోనే ఆపి, కొత్తది తేవడానికి కొద్ది రోజులు గడువిచ్చారు. నోటిఫికేషన్‌లో అర్హత ఏ రోజు నాటికి ఉండాలో చెప్పే కీలక తేదీ అని ఒక పేరా ఉంటుంది, అది చదవాలి. నా సలహా మాత్రం రెండూ చేతిలో ఉంచుకోమని. చివరి తేదీ నాటికి అర్హత ఉందనడానికి పాతది, ఇప్పటికీ ఉందనడానికి కొత్తది.

ఓరుగల్లు_26
ఒకవేళ కొత్తదాంట్లో 38 అలా వేస్తే?

రైల్వే_క్లర్క్_కాజీపేట
చట్టంలో 59వ సెక్షన్ కింద అప్పీలు ఉంది. శాతం తగ్గించారన్న ఒక్క కారణం రాస్తే నిలవదు, రమ గారు చెప్పినట్టు ఏ కొలత తీయలేదో రాయాలి. అయితే అప్పీలు తేలేదాకా నీ చేతిలో ఉండేది 38 కాగితమే. ఈ నోటిఫికేషన్ అయిపోయేలోపు అప్పీలు తేలుతుందా అన్నది వేరే ప్రశ్న.

ఓరుగల్లు_26
రేపు స్కానోగ్రామ్‌కు వెళ్తున్నాను. రిపోర్టు చేతికొచ్చాకే యూడీఐడీ పోర్టల్‌లో రెన్యువల్‌కు పెడతాను. నోటిఫికేషన్‌లో కీలక తేదీ పేరా కూడా చూశాను, అప్లికేషన్ చివరి తేదీనే రాశారు. వెరిఫికేషన్ నాటికి కూడా చెల్లాలా అన్నది అందులో లేదు. ఈ మధ్య ఇదే పరిస్థితిలో వెరిఫికేషన్ అయినవాళ్లు ఎవరైనా ఉంటే, ఏం అడిగారో రాయండి.